షేడ్ కార్డులో కనిపించని రంగు: పైన్, టేకు, ప్లైవుడ్‌పై ఒకే స్టెయిన్ ఎందుకు మూడు రకాలుగా తేలుతుంది

టేకు ద్వారబంధం, టేకు వినీర్ అనే పలుచటి పొర అతికించిన ప్లైవుడ్ అల్మారా, పైన్ చెక్కతో చేసిన పుస్తకాల అర. ఇప్పటి ఇళ్లలో ఈ మూడూ ఒకే గదిలో పక్కపక్కనే ఉండటం మామూలైపోయింది. అన్నీ ఒకే రంగులో ఉండాలని ఒకే డబ్బా వాల్‌నట్ స్టెయిన్ తెప్పిస్తారు. ఒకే గుడ్డతో, ఒకే రోజు పూస్తారు. ఆరాక చూస్తే టేకు దాదాపు కాఫీ గింజ రంగుకు వెళ్లి ఉంటుంది. పైన్ నారింజ ఛాయలో, అక్కడక్కడ మరకలు పడినట్టు ఉంటుంది. ప్లైవుడ్ ఒక పలకలో ముదురుగా, పక్క పలకలో లేతగా, జాయింట్ల దగ్గర పాలిపోయి కనిపిస్తుంది. డబ్బా నకిలీదనో, మేస్త్రి చేయి సరిగా లేదనో అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. చాలాసార్లు రెండూ నిజం కావు. ఆ మూడు చెక్కలూ రంగును మూడు చోట్ల దాచుకున్నాయి, అంతే. ఎక్కడ దాచుకుంటాయో ముందే తెలుసుకోవడం సాధ్యమే. అందుకు కావలసింది ఒక గుడ్డ, కొంచెం టర్పెంటైన్, అదే చెక్క నుంచి కోసిన ఒక ముక్క.

పెయింటుకూ స్టెయిన్‌కూ ఉన్న తేడా దగ్గర మొదలుపెట్టాలి. పెయింటు చెక్కను కప్పేస్తుంది. కింద ఏ చెక్క ఉన్నా పైన కనిపించేది డబ్బాలోని రంగే. స్టెయిన్ పారదర్శకం. గదిలోని వెలుతురు స్టెయిన్ గుండా చెక్క దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగి మళ్లీ స్టెయిన్ గుండానే కంటికి చేరుతుంది. కాబట్టి కంటికి అందేది చెక్క సొంత రంగులో స్టెయిన్ కొంత మింగేయగా మిగిలినది. స్టెయిన్ వెలుతురును తగ్గించగలదే గాని పెంచలేదు. ముదురు చెక్కను స్టెయిన్‌తో లేతగా చేయడం అసాధ్యమన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది.

ఒక చిన్న లెక్కతో ఇది తేటపడుతుంది. ఈ అంకెలు కొలిచినవి కావు, లెక్క కోసం అనుకున్నవి. మీద పడిన వెలుతురులో పైన్ నూటికి 60 వంతులు, టేకు 30 వంతులు తిప్పి పంపుతాయనుకుందాం. ఒక పూత స్టెయిన్ దానిలో సగం మింగేస్తే పైన్ 30 దగ్గర, టేకు 15 దగ్గర ఆగుతాయి. అంటే స్టెయిన్ పూసిన పైన్, స్టెయిన్ లేని టేకుతో సమానమవుతుంది. రెండింటికీ ఒకే పూత వేస్తే మొదట్లో ఉన్న రెండింతల నిష్పత్తి అలాగే ఉండిపోతుంది. షేడ్ కార్డులో ఉండేది ఏదో ఒక చెక్క మీదో, కాగితం మీదో తేలిన రంగు. ఇంట్లోని చెక్క ఆ చెక్క కానప్పుడు కార్డు చూసి నిర్ణయం తీసుకోవడంలో అర్థం లేదు.

ఇది సగం సంగతే. రెండు చెక్కలూ స్టెయిన్‌ను ఒకే మోతాదులో పీల్చుకుంటాయన్నట్టు ఈ లెక్క సాగింది. నిజంలో అలా పీల్చుకోవు. ఒకే పలకలో కూడా ఒక చార పీల్చినంత పక్క చార పీల్చదు.

స్టెయిన్‌లో రంగునిచ్చేవి రెండు రకాలు. ఒకటి పిగ్మెంట్, అంటే ద్రవంలో కరగకుండా తేలుతూ ఉండే మెత్తటి పొడి. డబ్బా అడుగున పేరుకునేది ఇదే, కలిపి వాడమనేది ఇందుకే. ఈ రేణువులు చెక్క కణాల గోడల్లోకి దూరలేవు. గుంట, గీత, రంధ్రం ఎక్కడ దొరికితే అక్కడ కూర్చుంటాయి. గుడ్డతో తుడిచినప్పుడు నున్నటి చోట్ల నుంచి పోయి, గుంటల్లో మిగులుతాయి. రెండోది డై. ఇది పూర్తిగా కరిగిపోయే రంగు. కణాల గోడల్లోకే ఇంకిపోతుంది కాబట్టి రంధ్రాలు ఉన్నా లేకపోయినా చెక్కంతా పట్టుకుంటుంది. చాలా డబ్బాల్లో ఈ రెండూ ఎంతో కొంత కలిసే ఉంటాయి. ఏది ఎక్కువ ఉందో తెలుసుకోవడానికి, కదపకుండా కొన్ని రోజులు ఉంచిన డబ్బాను తెరిచి పుల్లతో అడుగును గీకి చూస్తే చాలు. చిక్కటి ముద్ద తగిలితే పిగ్మెంట్ ఎక్కువ. అడుగు శుభ్రంగా ఉండి ద్రవమంతా ఒకే రంగులో ఉంటే డై ఎక్కువ.

పైన్: చారలు తిరగబడే చెక్క

పైన్ మెత్తని జాతి కలప. నీటిని మోసే పెద్ద గొట్టాలు దీనిలో ఉండవు. దాదాపు మొత్తం చెక్క సన్నటి పొడవాటి కణాలతో కట్టినదే. ప్రతి ఏడాది వలయంలో రెండు భాగాలుంటాయి. చెట్టు వేగంగా పెరిగే కాలంలో వేసే తొలి చెక్కలో కణాలు వెడల్పుగా, గోడలు పలుచగా ఉంటాయి. పెరుగుదల మందగించాక వేసే మలి చెక్కలో కణాలు ఇరుకుగా, గోడలు దళసరిగా ఉంటాయి. కొన్ని పైన్ జాతుల్లో మలి చెక్క సాంద్రత తొలి చెక్కకు రెట్టింపు కంటే ఎక్కువ. వేలి గోటితో నొక్కితే తేడా తెలుస్తుంది. లేత రంగు పట్టీలో గోరు దిగుతుంది, గోధుమ రంగు సన్నటి చారలో దిగదు.

ఇప్పుడు దీని మీద స్టెయిన్ పడితే ఏం జరుగుతుందో చూడాలి. లేత రంగులో ఉన్న తొలి చెక్క గుల్లగా ఉంటుంది కాబట్టి స్టెయిన్‌ను గబగబా తాగేసి ముదురుగా మారుతుంది. ముందు నుంచే గోధుమ రంగులో ఉన్న మలి చెక్క గట్టిగా ఉండి స్టెయిన్‌ను లోపలికి రానివ్వదు, తుడిస్తే పోతుంది. ఫలితంగా చారలు తిరగబడతాయి. లేతగా ఉన్న పట్టీ నల్లబడుతుంది, ముదురుగా ఉన్న గీత దాని మధ్యలో లేతగా మెరుస్తూ మిగులుతుంది. ఫోటో నెగటివ్‌లో వెలుగునీడలు తారుమారైనట్టే ఉంటుంది. స్టెయిన్ పూసిన పైన్ ఎంత మంచి రంగులో ఉన్నా, ఎందుకో సహజంగా లేదని కంటికి అనిపించడానికి అసలు కారణం ఇదే. పైన్ సహజ రూపంలో చారలు అలా ఉండవు.

మరకల సంగతి వేరు. ముడి ఉన్నచోట నార దాని చుట్టూ మెలికలు తిరుగుతుంది. పలక కోసినప్పుడు ఆ చోట కణాలు పడుకుని ఉండకుండా కొనలు పైకి తేలి ఉంటాయి. తెరిచి ఉన్న కొన స్ట్రా లాగినట్టు ద్రవాన్ని లాగేస్తుంది. పలక అడ్డకోత ముఖం ఎప్పుడూ మిగతా చోట్ల కంటే నల్లబడేది కూడా ఇందుకే. దీనికి తోడు పైన్‌లో జిగురు పాకెట్లు ఉంటాయి. జిగురు ఊరిన చోట స్టెయిన్ అసలు పట్టదు. ఇవి రెండూ ఒకే అడుగు పొడవులో కలిసి వస్తే పలక మ్యాపులా తయారవుతుంది.

పైన్‌కు లోపలికి వెళ్లే స్టెయిన్ కంటే పైనే నిలిచే జెల్ స్టెయిన్ నయం. చిక్కగా ఉండటం వల్ల అది గుల్లచోట్ల లోతుకు దిగదు, గట్టిచోట్ల కూడా కొంత నిలుస్తుంది. తిరగబడటం పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది. రెండో మార్గం పలుచటి లక్క పూత. ఒక లీటరు స్పిరిట్‌లో 60 గ్రాముల లక్క రేకులు కరిగించి ఒక్క పూత వేస్తే, గుల్ల కణాలు ఆ లక్కను ముందుగా తాగి నిండిపోతాయి. గంట ఆరనిచ్చి 320 నంబరు సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్దాక ఆయిల్ స్టెయిన్ గానీ జెల్ స్టెయిన్ గానీ పూయాలి. ఇక్కడ ఒక చిక్కుంది. స్పిరిట్ స్టెయిన్, ఎన్‌సీ థిన్నర్‌తో చేసిన స్టెయిన్ కింది లక్కను మళ్లీ కరిగిస్తాయి, గుడ్డ తగిలిన చోటల్లా చారికలు పడతాయి. డబ్బా మీద దేనితో పలుచన చేయాలని రాసి ఉందో చదవకుండా లక్క జోలికి వెళ్లకూడదు. లక్క పూసిన పైన్ మొత్తం మీద లేతగానే తేలుతుంది. రంగు సమానంగా రావడానికి చెల్లించే ధర అది. ఇంకా ముదురు కావాలంటే రెండో పూత వేయాలి.

టేకు: తనకు తానే రంగున్న చెక్క

టేకులో తొలి చెక్క వలయం వెంబడి కంటికి కనిపించేంత పెద్ద రంధ్రాలుంటాయి. పలకను పొడవుగా కోసినప్పుడు అవి సన్నటి గాడుల్లా కనిపిస్తాయి. పిగ్మెంట్ వెళ్లి కూర్చునేది ఆ గాడుల్లోనే. టేకులో ఆ గీతలు ముందే ముదురుగా ఉంటాయి, స్టెయిన్ వాటిని ఇంకా ముదురు చేస్తుంది. కాబట్టి చారలు తిరగబడవు, మరింత స్పష్టమవుతాయి. ఒకే పిగ్మెంట్ స్టెయిన్ పైన్‌ను వికారం చేసి టేకును అందంగా చూపడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. చెక్కల్లో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది కావడం కాదు.

టేకుతో వచ్చే ఇబ్బందులు వేరు. చేవలో సహజమైన నూనెలాంటి పదార్థాలుంటాయి. చెదలు దూరంగా ఉండటానికి ఇవే కారణం. ఆయిల్ స్టెయిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడాలి, టేకులోని ఈ పదార్థాలు ఆ చర్యను ఆలస్యం చేస్తాయి. ఒక రోజు గడిచాక కూడా వేలికి జిగటగా తగిలితే కారణం వానాకాలపు తేమ కావచ్చు, చెక్క కావచ్చు. అదే డబ్బా నుంచి పైన్ ముక్క మీద పూసినది ఆరిపోయి, టేకు మీదది ఆరకపోతే తప్పు చెక్కదే. స్టెయిన్ పూసే ముందు అసిటోన్‌తోనో ఎన్‌సీ థిన్నర్‌తోనో గట్టిగా తుడిచి, ఆవిరైన వెంటనే పని మొదలుపెడితే పైపొరలోని నూనె పోతుంది. ఆలస్యం చేస్తే లోపలి నుంచి మళ్లీ పైకి వస్తుంది.

రెండో ఇబ్బంది చేవ చుట్టూ ఉండే తెల్లటి చెక్క. తక్కువ ధరకు వచ్చే టేకులో ఒక అంచున ఇది తరచుగా ఉంటుంది. స్టెయిన్ రెండింటినీ కలిపేస్తుందని వడ్రంగి భరోసా ఇస్తాడు గాని, పై లెక్క ప్రకారం అది జరగదు. తెల్ల అంచుకు విడిగా, చిన్న కుంచెతో అదనపు పూత వేస్తేనే కలుస్తుంది.

మూడోది కాలం. అప్పుడే చిత్రిక పట్టిన టేకు పచ్చటి ఛాయతో, అతుకుల బొంతలా రకరకాల రంగుల్లో ఉంటుంది. వెలుతురు, గాలి తగిలితే కొన్ని రోజుల్లో బంగారు గోధుమ రంగుకు చేరి సమానమవుతుంది. చిత్రిక పట్టిన సాయంత్రమే నమూనా చూసి స్టెయిన్ ఎంచుకుంటే, అప్పటికి లేని రంగుకు సరిపోయే స్టెయిన్ కొన్నట్టే అవుతుంది. నమూనా ముక్కను ముందు కొన్ని రోజులు ఎండ తగిలే కిటికీలో ఉంచడం మేలు. నా అభిప్రాయం అడిగితే, చేవ ఉన్న మంచి టేకుకు స్టెయిన్ అక్కరలేదు. పారదర్శకమైన పాలిష్ చాలు.

ప్లైవుడ్: అర మిల్లీమీటరు మీద జరిగే పని

ప్లైవుడ్ ఒక చెక్క పేరు కాదు. మీద ఏ పొర అతికించారన్నదే ఇక్కడ ప్రశ్న. మామూలు కమర్షియల్ ప్లైవుడ్ ముఖం చాలాసార్లు ఎర్రటి ఛాయలో ఉంటుంది, వాల్‌నట్ పూస్తే ఆ ఎరుపు పైకి తేలుతుంది. టేకు ప్లైవుడ్ అని అమ్మేదానిలో టేకు మందం అర మిల్లీమీటరు చుట్టుపక్కలే. దాని కింద జిగురు, ఆ కింద వేరే చెక్క. అర మిల్లీమీటరు అంటే ఎంత పలుచనో సాండింగ్ మెషిన్ పట్టుకున్నవారికి అనుభవమే. మూలల దగ్గర కొంచెం ఎక్కువ రుద్దితే పొర అరిగి జిగురు బయటపడుతుంది. ఆ జిగురుకు స్టెయిన్ పట్టదు. పూయకముందు ఆ మచ్చ కనిపించదు, పూశాక పాలిపోయిన మబ్బులా తేలుతుంది. అప్పుడు దాన్ని సరిచేసే మార్గం దాదాపు లేదు. ఫ్యాక్టరీలో నొక్కేటప్పుడు రంధ్రాల గుండా పైకి ఊరిన జిగురు కూడా ఇలాంటి మచ్చలే పెడుతుంది.

ఇంకో కారణం పొరను తీసే పద్ధతిలో ఉంది. దుంగ నుంచి కత్తితో పొర తీసేటప్పుడు కత్తి వైపున్న ముఖం వంగి, దాని మీద సన్నటి పగుళ్లు పడతాయి. అవతలి ముఖం బిగుతుగా ఉంటుంది. పగుళ్లున్న ముఖం స్టెయిన్‌ను ఎక్కువ తాగుతుంది. అలంకరణ వినీర్‌ను పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికించినప్పుడు ఒక ఆకు బిగుతు ముఖంతో, పక్క ఆకు పగుళ్ల ముఖంతో పైకి ఉంటాయి. స్టెయిన్ పడగానే అల్మారా తలుపు మీద ముదురు, లేత, ముదురు, లేత అంటూ నిలువు పట్టీలు వస్తాయి. పూత తప్పు కాదు, మేస్త్రి తప్పు కాదు. షాపులో షీటును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఈ పట్టీలు లీలగా ముందే కనిపిస్తాయి. ఆకులన్నీ ఒకే ముఖంతో వరుసగా అతికించిన షీటు ఎంచుకుంటే ఈ బెడద ఉండదు.

ముందే చూసుకోవడం ఎలా

ఇక మొదట చెప్పిన గదికి వద్దాం. ద్వారబంధం, అల్మారా, పుస్తకాల అర ఒకే రంగులో కలవాలి. ముందు తేల్చుకోవలసింది ఏది గురి అన్నది. మూడింటిలో ముదురుగా ఉన్నదే గురి కావాలి, ఎందుకంటే దాన్ని వెనక్కి తేలేం. ఇక్కడ అది టేకు. కాబట్టి టేకుకు పాలిష్ మాత్రమే వేసి, మిగతా రెండింటినీ దాని దగ్గరకు తీసుకురావాలి. మూడింటికీ వాల్‌నట్ అనుకున్న మొదటి ఆలోచన ఇక్కడే వీగిపోతుంది.

తర్వాతి మెట్టు తడి పరీక్ష. మూడు చెక్కలనూ 120 నంబరుతో, ఆపైన 180తో నార వెంబడి రుద్ది, దుమ్ము తుడిచి, టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో ఒక జానెడు మేర తడపాలి. కిటికీలు తెరిచి, నిప్పుకు దూరంగా చేయవలసిన పని ఇది. తడిసిన చెక్క చూపే రంగు, స్టెయిన్ లేకుండా పారదర్శక పాలిష్ వేస్తే తేలే రంగుకు చాలా దగ్గరగా ఉంటుంది. టేకు మీద కనిపించేది మన గురి. ఆ తడి ఆరే తీరును కూడా గమనించాలి. పైన్ మీద ఏ చోట ద్రవం క్షణంలో ఇంకి నల్లబడిందో అక్కడ రేపు మరక పడుతుంది. ప్లైవుడ్ మీద ఏ చోట తడి మెరుస్తూ పైనే నిలిచి లేతగా ఉందో అక్కడ జిగురుంది. ఇప్పుడు దొరికితే వినీర్ అరగకుండా చేత్తో జాగ్రత్తగా తీయవచ్చు, లేదా ఆ వైపును గోడకు తిప్పవచ్చు. స్టెయిన్ పడ్డాక ఆ అవకాశం ఉండదు. చేతి చెమట, అంటుకున్న ఫెవికాల్ మచ్చలు కూడా ఇదే పరీక్షలో బయటపడతాయి.

మూడో మెట్టు నమూనా పలక. అడుగు పొడవున్న పైన్ ముక్కను, అదే షీటు నుంచి మిగిలిన ప్లైవుడ్ ముక్కను తీసుకుని టేపుతో నాలుగు పట్టీలుగా విడదీయాలి. మొదటి పట్టీని 120 దగ్గర ఆపి స్టెయిన్ పూయాలి. రెండోదాన్ని 220 దాకా రుద్ది పూయాలి. నున్నగా రుద్దేకొద్దీ పిగ్మెంట్ కూర్చునే గీతలు తగ్గుతాయి కాబట్టి రెండో పట్టీ లేతగా వస్తుంది. పనిలో ఒక తలుపు 120 దగ్గర, ఇంకో తలుపు 220 దగ్గర ఆగితే అవి కలవకపోవడానికి ఈ తేడా ఒక్కటే చాలు. మూడో పట్టీకి లక్క పూత వేసి స్టెయిన్ పూయాలి. నాలుగోదానికి లక్క మీద రెండు పూతలు. అన్నిటినీ ఒకే వ్యవధిలో, ఉదాహరణకు మూడు నిమిషాల తర్వాత, తుడవాలి. ఒక పట్టీని మూడు నిమిషాలు, మరొకదాన్ని పది నిమిషాలు ఉంచితే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇలా చూసినప్పుడు సాధారణంగా తేలేది ఏమిటంటే, పైన్ మొదటి పట్టీ రంగు లోతులో టేకుకు దగ్గరగా వచ్చినా చారలు తిరగబడి దగ్గర నుంచి వేరుగా ఉంటుంది. నాలుగో పట్టీ రంగు లోతులో కొంచెం వెనకబడినా చారల విషయంలో టేకు పక్కన ఇమిడిపోతుంది. ఎంపిక చేయవలసింది నాలుగోదాన్నే. కళ్లు రంగులోని చిన్న తేడాను మన్నిస్తాయి, తారుమారైన చారను మన్నించవు. రంగు వాల్‌నట్ కంటే ఒక మెట్టు పసుపు వైపున్న టేకు షేడ్‌లో ఉంటే మేలు. పైన్ కాలంతో పాటు పచ్చబడుతుందన్నది కూడా లెక్కలో ఉండాలి. ఈ రోజు అచ్చంగా కలిసిన పైన్ ఏడాదికి కొంత నారింజకు జరుగుతుంది, కాబట్టి ఒక పిసరు చల్లని గోధుమ వైపు ఆపడం మంచిది. టేకు వినీర్‌కు చాలాసార్లు లక్కా, రెండో పూతా అవసరం పడవు. పలుచన చేసిన ఒక్క పూతతో ద్వారబంధం దగ్గరకు వస్తుంది.

నమూనా మీద పై పాలిష్ కూడా వేశాకే తీర్పు చెప్పాలి. ఆరిన స్టెయిన్ మట్టిబారినట్టు లేతగా ఉంటుంది. మెలమైన్ గానీ పీయూ గానీ పడగానే మళ్లీ తడి రంగుకు వెళ్తుంది. నమూనా ముక్కను నిలబెట్టి, అల్మారా ఉండే గోడకే ఆనించి, పగలు ఒకసారి, రాత్రి ఆ గది దీపం కింద ఒకసారి చూడాలి. కిటికీ వెలుతురులో కలిసిన రెండు గోధుమ రంగులు పసుపు ఎల్ఈడీ కింద విడిపోవడం కొత్త కాదు. ఒకదానిలో రంగు పిగ్మెంట్‌ది, రెండోదానిలో చెక్క సొంతది అయినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. దీనికి పూర్తి మందు లేదు. రాత్రి దీపం కింద నచ్చిన పట్టీని ఎంచుకోవాలా, పగటి వెలుతురులో నచ్చినదాన్నా అన్నది ఆ గదిని ఎప్పుడు ఎక్కువ వాడతారన్న దాన్ని బట్టి ఇంటివారే తేల్చుకోవాలి.

ఎంచుకున్న పట్టీ వెనుక సాండ్ పేపర్ నంబరు, లక్క పాళ్లు, తుడిచే వ్యవధి, పూతల సంఖ్య పెన్సిల్‌తో రాసి మేస్త్రి చేతికివ్వాలి. ఆయిల్ స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకుండా పరిచి ఆరబెట్టాలి, అవి ఆరేటప్పుడు వేడెక్కి తమంతట తామే అంటుకోగలవు. ప్లైవుడ్ అంచుల్లో ఒక పొర నార వెంబడి, మరొక పొర అడ్డంగా ఉంటుంది కాబట్టి అక్కడ స్టెయిన్ ఒక గీత నల్లగా, ఒక గీత లేతగా పడుతుంది. అంచుకు టేకు పట్టీ అతికించి దానికీ ముఖంతో పాటే పూత వేస్తే తప్ప ఆ గీతలు ఏ స్టెయిన్‌తోనూ కలవవు.